చీటీలో చదవకుండా దాటేసిన నంబరు

ప్రశ్న: సార్, నమస్తే. నాది అనంతపురం. ఊరి నుంచి ఒక కుర్రాడు మొదటిసారి రైల్లో హైదరాబాద్‌కు బయలుదేరడం మీద కథ రాశాను. వాళ్ళమ్మ పందొమ్మిది నంబర్లు వేసి ఒక చీటీ రాసిస్తుంది. వాడు దాని ప్రకారమే చేసుకుంటూ పోతాడు. కాచిగూడలో దిగాక చీటీ గుండెలకు హత్తుకుని ఏడుస్తాడు. చదివిన స్నేహితులందరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రెండు పత్రికలు మాత్రం తిప్పి పంపాయి. ఒక ఎడిటర్ ‘బాగుంది గానీ ఇందులో కథ లేదు’ అని రాశారు. అమ్మ, కొడుకు, రైలు, చీటీ అన్నీ ఉన్నాయి కదా, ఇంకేం లేదు? ఆ చీటీని మొత్తం కథలో ఉంచాలా, తీసేయాలా? కథ జతచేస్తున్నాను. దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

సమాధానం:

మీ స్నేహితులు ఏడ్చారంటే నమ్ముతాను. స్టేషను, అమ్మ, చీటీ అన్న మూడు మాటలు పక్కపక్కన పెడితే చాలు, ఇల్లు వదిలి వచ్చిన ఎవరికైనా సొంత అమ్మ గుర్తొస్తుంది. ఆ కన్నీళ్ళు మీ కథ చదవకముందే వాళ్ళ దగ్గరున్నాయి. ఎడిటర్ అడిగింది వేరే. ఈ ఒక్క అమ్మ, ఈ ఒక్క పిల్లోడు, ఈ ఒక్క రాత్రి ఎక్కడున్నాయని అడిగారాయన.

కథ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివితే లెక్క తేలింది. పందొమ్మిదిలో పద్నాలుగు నంబర్లు అమ్మ ఎలా చెబితే అలాగే జరిగిపోయాయి. మిగిలిన ఐదూ కథలో మళ్ళీ కనిపించనే లేదు. మొదటి పేజీలో చీటీ చదివేసినవాడికి తర్వాతి ఆరు పేజీలు చదవాల్సిన పనేముంది? సంచి జాగ్రత్త అంది, జాగ్రత్తగా పెట్టుకున్నాడు. నీళ్ళు తాగమంది, తాగాడు. ఇది కథ నడవడం కాదండీ, హాజరు పట్టీలో టిక్కులు పెట్టడం.

చీటీని తీసేయకండి. మీ దగ్గర ఉన్న మంచి వస్తువు అదొక్కటే. కానీ ముందు దాన్ని ఆ తల్లి చేత రాయించాలి. ఇప్పుడున్న చీటీ మీరు రాసింది.

‘అపరిచితులు అందించే ఆహార పదార్థాలను స్వీకరించకు’ అని రాశారు చూడండి, ఐదో నంబరు. ఈ మాట ప్లాట్‌ఫారం మీద మైకులో వినిపిస్తుంది. అనంతపురం పక్క పల్లెలో ఏ తల్లీ కొడుక్కి ఇలా చెప్పదు. ‘ఎవురేమిచ్చినా తినాకు’ అంటుంది. చెప్పినట్టే రాస్తుంది కూడా. ఒత్తులు తప్పుతాయని భయపడకండి. కానీ నవ్వించడానికి మాత్రం తప్పులు పెట్టకండి. ఆమెకు రాయడం వచ్చు, మీకున్నంత తీరిక ఆమెకు లేదు, అంతే.

మీ కథ రెండో పేజీలో ఒక వాక్యం రాసి మర్చిపోయారు. ఆమె ఊళ్ళో పొదుపు సంఘం లెక్కలు రాస్తుందన్నారు. నాకైతే కథంతా అక్కడే దొరికింది. నెలనెలా డ్వాక్రా పుస్తకం నింపే చెయ్యి చీటీ ఎలా రాస్తుందో ఒకసారి ఊహించుకోండి. సంఘం పుస్తకం మధ్య నుంచి ఒక కాగితం చించుతుంది, అంచున కుట్టు రంధ్రాలు ఉంటాయి. స్కేలు పెట్టి నిలువుగీత కొడుతుంది. ఎడమ పక్క నంబరు, కుడి పక్క రూపాయలు. డబ్బు పనిలేని నంబరుకు ఎదురుగా గడిని ఖాళీగా వదలకుండా చిన్న అడ్డగీత పెడుతుంది, ఎందుకంటే గడి ఖాళీగా ఉంటే తర్వాత ఎవరైనా అంకె వేసేయొచ్చని ఆమెకు నేర్పించారు. చివర్న అడుగున సంతకం చేస్తుంది. ఆ పుస్తకంలో సంతకం లేని పేజీ చెల్లదు కాబట్టి చెయ్యి దానంతటదే పోయింది. కన్నకొడుక్కి రాసిన చీటీ కింద ఇంటిపేరుతో సహా సంతకం! ‘మాతృమూర్తి అనురాగం అక్షరాలై ఒలికింది’ అని మీరు రాసిన వాక్యం కొట్టేసి, ఆ సంతకం పెట్టండి. మాట్లాడకుండానే పని జరిగిపోతుంది.

నంబర్ల వరసకు కూడా ఒక పద్ధతి ఉంటుంది. మీ చీటీ ‘బాగా చదువుకో’తో మొదలైంది. రైలు రాత్రికి ఉందనగా పొయ్యి దగ్గర కూర్చుని రాసే మనిషికి చదువు మొదట గుర్తు రాదు. టికెట్టు ఎక్కడ పెట్టుకున్నాడన్నదే మొదటి టెన్షన్. భయం ఏ వరసలో వస్తే నంబర్లు ఆ వరసలో పడతాయి. మధ్యలో పొయ్యి మీద బాణలి చూసుకోవడానికి లేచి వచ్చిందంటే, లేచిన తర్వాతి నంబరు తప్పకుండా తిండి గురించే ఉంటుంది.

నేను మీ పందొమ్మిదిని ఏడుకు తగ్గించాను. తగ్గించడానికి వాడిన ఉపాయం చిన్నదే. ఒక నంబరు మీద వేలు పెట్టి మూసి కథ చదవడం. కథలో ఏమీ మారకపోతే ఆ నంబరు అక్కర్లేదు. మిగిలిన ఏడు ఇవీ, ఆమె భాషలో:

1. టికెట్టు, ఆధారు లోపలి జేబులో –
2. సంచి తలకింద పెట్టుకోని పై బెర్తులో పండుకో –
3. నిప్పట్లు 20. దినానికి నాలుగు. ఒకేసారి తినాకు –
4. ఎవురేమిచ్చినా తీసుకోవాకు –
5. కృష్ణమ్మ వస్తే రూపాయి వెయ్. గుడ్డలో కట్టినా 1
6. ఆటో. మించి ఇయ్యాకు 150
7. దిగుతానే ఫోన్ –

ఇప్పుడు ఈ ఏడింటినీ నిదానంగా చూడండి. మూడోదాంట్లో ఆమెకు ఎంత కచ్చితం! ఇరవై, దినానికి నాలుగు, ఐదు రోజులు. తన వంటింట్లో ఉన్నవాటికి ఆమె లెక్క తప్పదు. రెండోది చూడండి, రైలు లోపలి సంగతి. అది ఆమె చూసింది కాదు, ఎవరో చెప్పింది. ఆరోదాని 150 కూడా పక్కింటి పిల్లోడు నాలుగేళ్ళ కింద పండక్కి వచ్చినప్పుడు చెప్పిన అంకె. ఊరి పొలిమేర దాటేకొద్దీ ఆమెకు తెలిసింది తగ్గుతూ పోతుంది, రాత మాత్రం అంతే గట్టిగా ఉంటుంది. చీటీ మీద ఆమెకు తెలిసినదీ, తెలియక ధైర్యంగా రాసినదీ ఒకే సిరాతో కనిపిస్తాయి. పిల్లోడికి ఆ తేడా రైలెక్కాక తెలుస్తుంది. మీరు కథ మొదలుపెట్టాల్సింది అక్కడ. అంటే ఇంటి దగ్గర వీడ్కోలు మూడు పేజీలూ పోతాయి. బాధగానే ఉంటుంది, తీసేయండి.

రైలు సంగతికి వస్తాను. మీ వాడు స్టేషన్లో అప్పటికప్పుడు జనరల్ టికెట్టు కొని, ఎక్కగానే పై బెర్తులో పడుకున్నాడు. అనంతపురంలో ఈ వాక్యం చదివిన మొదటి మనిషే నవ్వుతాడు. జనరల్ పెట్టెలో పైన సామాన్లు పెట్టే చోట ఇద్దరు ముగ్గురు ముడుచుకుని కూర్చుంటారు గానీ, బెర్తు అని ఎవరికీ ఉండదు. స్లీపర్ టికెట్టు అని మార్చేసినా తప్పు పోతుంది, కథకు మాత్రం ఏమీ రాదు. నా మాట విని ఆర్‌ఏసీ ఇవ్వండి.

ఆర్‌ఏసీ అంటే మీకు తెలిసే ఉంటుంది. రైలెక్కే హక్కు ఉంటుంది, పడుకునే హక్కు ఇంకా రాలేదు. నడవా పక్కనుండే కింది బెర్తును ఇద్దరికి చెరి సగం ఇస్తారు. దాన్ని రెండు సీట్లుగా చేసుకుని ఎదురెదురుగా కూర్చోవాలి. రిజర్వేషన్ ఖాయమైనవాళ్ళు ఎవరైనా రాకపోతే టీటీఈ ఆ ఖాళీ బెర్తు ఇస్తాడు. అందరూ వచ్చేస్తే అలాగే తెల్లారుతుంది. స్లీపర్ పెట్టెలో ఒక్కో వరసకు ఎనిమిది బెర్తులు, వాటిలో ఏడోది ఈ పక్క కింది బెర్తు. కాబట్టి 7, 15, 23, 31 ఇలా నంబర్లు పోతాయి. మన పిల్లోడికి 31 ఇద్దాం.

దీనివల్ల ఏం ఒరిగిందంటే, రెండో నంబరు అసాధ్యమైపోయింది. పై బెర్తు లేదు, పడుకోవడమే లేదు, తలకింద సంచి లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీ మోచేతికి చుట్టుకుని, ముక్కూ మొహం తెలియని మనిషి మోకాళ్ళకు తన మోకాళ్ళు తగులుతుంటే రాత్రంతా కూర్చోవాలి. అమ్మ చెప్పినట్టు చేద్దామన్నా కుదరని మొదటి చోటు ఇది. మీరు ఆరు పేజీల్లో తేలేకపోయిన కదలిక ఒక్క టికెట్టుతో వచ్చేసింది. ఎదురు సీటులోకి మనిషి కూడా వచ్చాడు చూశారా, ఖర్చు లేకుండా.

ఇక నది. బెంగళూరు వైపు నుంచి కాచిగూడ పోయే రైళ్ళు అనంతపురం, గుత్తి, డోన్, కర్నూలు, గద్వాల, మహబూబ్‌నగర్ మీదుగా పోతాయి. మీ కథలో గుత్తి దాటగానే కృష్ణ వచ్చేసింది! వెన్నెల కూడా కాసింది. అసలు దారిలో మొదట వచ్చేది తుంగభద్ర. కర్నూలు ఊరు ఆ నది దక్షిణపు ఒడ్డునే ఉంది కాబట్టి స్టేషను వదిలిన కొద్దిసేపటికే వంతెన వస్తుంది. ఆ తర్వాత రెండు నదుల నడుమ నేల, దాన్ని నడిగడ్డ అంటారు, గద్వాల అందులో ఉంది. గద్వాల దాటాక కృష్ణ వస్తుంది. రెంటి మధ్య సుమారు గంట ప్రయాణం.

ఈ తప్పును దిద్దేసి ఊరుకుంటే ఒక మంచి అవకాశం పోగొట్టుకుంటారు. తప్పును మీ దగ్గర నుంచి తీసి పిల్లోడికి ఇచ్చేయండి. వాళ్ళమ్మ ఎప్పుడూ రైల్లో హైదరాబాద్ పోలేదు. 2016లో కృష్ణా పుష్కరాలకు సంఘం ఆడవాళ్ళతో బస్సులో శ్రీశైలం పోయింది, అంతే. పెన్నలో ఇసుక తప్ప చూడని మనిషి అక్కడ అంత నీళ్ళు చూసింది. 2020లో తుంగభద్ర పుష్కరాలు వచ్చినప్పుడు కరోనా, ఇల్లు కదల్లేదు. అందుకే ఆమె చీటీలో ఉన్నది ఒక్క నది, గుడ్డలో కట్టింది ఒక్క రూపాయి. దారిలో నదులు రెండు. పిల్లోడు అర్ధరాత్రి చీకట్లో మొదట వచ్చిన వంతెన మీదే రూపాయి విసిరేస్తాడు.

కథ ఇక్కడ పుట్టింది. ఎందుకంటే ఇప్పుడు ఐదో నంబరు నెరవేరాలంటే ఇంకొక రూపాయి కావాలి. వాడి దగ్గరున్నవన్నీ లోపలి జేబులో మడిచిన నోట్లు, చిల్లర లేదు. రూపాయి ఎదుటి మనిషి దగ్గర ఉంది. తీసుకుంటే నాలుగో నంబరు తప్పాలి. ఒకే చేత్తో రాసిన రెండు మాటలు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి, అమ్మను అడగడానికి లేదు, నిద్రపోతూ ఉంటుంది. పద్నాలుగు నంబర్లు పాటించిన పిల్లోడి గురించి మనకేమీ తెలియలేదు. ఈ రెండింటిలో ఏది వదిలాడో చూస్తే మాత్రం వాడెవడో తెలుస్తుంది. ఏడు నంబర్లలో పోట్లాడుకునే జంట ఒక్కటి చాలు. రెండో జంట పెట్టకండి, అప్పుడు అది పొడుపుకథలా అయిపోతుంది.

చీటీ మొత్తం ఉంచాలా వద్దా అని కదా అడిగారు. ఉంచండి, కానీ మొదటి పేజీలో అతికించవద్దు. ఎవరైనా ఎవరికైనా చదివి వినిపించాలి.

ఈ ఉపాయం నాకు తట్టడానికి సొంత కారణం ఒకటుంది. నేను కర్నూలు నుంచి హైదరాబాద్ పోయినప్పుడు ఆ దారిలో ఇంకా మీటర్ గేజ్ రైలే. మా అమ్మకు చదవడం రాయడం రాదు. అందుకని ఆమె చెబుతుంటే చీటీ నేనే రాసుకున్నాను. బియ్యం చెరుగుతూ ఒక్కోటీ చెప్పేది, నేను రాసేవాణ్ణి. ‘వారానికొక కార్డుముక్క రాయి’ అంది. రాస్తే ఇంట్లో చదివేదెవరు అనిపించి, పెన్ను కాగితం మీద ఊరికే ఆడించి, రాసినట్టు నటించాను. ఆమె తల ఊపి తర్వాతిది చెప్పింది. ఆ చీటీలో రాసినవి ఒక్కటీ ఇప్పుడు గుర్తు లేవు. రాయని ఆ ఒక్కటీ గుర్తుంది. ఆ ఏడాది పోస్టుమ్యాన్ సైకిలు మా ఇంటి ముందు ఆగకుండా పోయినప్పుడల్లా ఆమె ఏమనేదో పక్కింటి అక్క చాలా రోజుల తర్వాత చెప్పింది. అది ఇక్కడ రాయను.

మీ పిల్లోడు కూడా ఒక నంబరు దాటేస్తే ఎలా ఉంటుందో చూద్దామని ఒక ముక్క రాశాను. ఇది నా చేతి వాసనతో ఉంటుంది, అలాగే వాడుకోవద్దు. పద్ధతి చూడండి, చాలు.

గుత్తిలో ఎక్కిన ముసలాయన కండువా దులిపి మోకాళ్ళ మీద పరుచుకున్నాడు. పిల్లోడు డబ్బా మూత తీసి ముందుకు చాపాడు.

“నిప్పట్లు తాతా. తీసుకో.”

“వద్దు నాయనా. రైల్లో ఎవురేమిచ్చినా తినాకు మామా అని మా కోడలు మరీమరీ చెప్పింది.”

పిల్లోడు డబ్బా మూసేశాడు. తను కూడా తినలేదు. కాసేపటికి జేబులోంచి చీటీ తీసి, బాత్‌రూమ్ దగ్గరి లైటు వెలుగు పడేట్టు తిప్పుకున్నాడు.

“ఏందప్పా అది? ఎక్కినప్పట్నుంచి చూస్తాండావు.”

“మాయమ్మ రాసిచ్చింది.”

“సదువు విందాం. నాకు అచ్చరాలు రావు.”

ఒకటి చదివాడు. రెండు చదివాడు. ముసలాయన తలెత్తి పై బెర్తు వైపు చూశాడు. అక్కడెవరో దుప్పటి ముసుగేసి గుర్రు పెడుతున్నారు. “చెప్పడం బాగానే చెప్పింది,” అన్నాడు. మూడు చదివాడు. “లెక్కపెట్టి ఇరవై పెట్టిందా? మంచి ఇల్లాలు.” నాలుగు దగ్గర పిల్లోడి కన్ను ఆగింది. గొంతు సర్దుకుని, “ఐదు,” అన్నాడు.

ముసలాయన ఏమీ అనలేదు. కండువా కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

కర్నూలు దాటింది. ఉన్నట్టుండి చక్రాల మోత మారింది. కింద నేల పోయి ఖాళీ వచ్చినట్టు బోలుగా, పెద్దగా. పిల్లోడు గబగబా గుడ్డ ముడి విప్పబోయాడు. అమ్మ రెండు ముళ్ళు వేసింది. పళ్ళతో పీకి, పసుపంటిన రూపాయిని కిటికీ ఊచల్లోంచి విసిరి చేతులు జోడించాడు.

“ఎవురికేసినావు?”

“కృష్ణమ్మకు.”

“ఇది తుంగభద్ర గదప్పా. కృష్ణ గద్వాల దాటినాక.”

పిల్లోడు ఖాళీ గుడ్డను అలాగే పట్టుకుని ఉన్నాడు.

“పోనీలే. మీ దిక్కు హెచ్చెల్సీ కాలువలో వచ్చేవి ఈయమ్మ నీళ్ళే. హోస్పేట కాడ డ్యాములోంచి వస్తాయి. ఇన్నేళ్ళూ ఉత్తగానే తాగితిరి, ఒక రూపాయి ఇస్తే ఏం పోయింది?”

ముక్క ఇంతే. ఇందులో రెండు మూడు సంగతులు మీతో మాట్లాడాలి.

ముసలాయన చేత ముందు నిప్పటు వద్దనిపించడం కావాలనే చేశాను. మీరు రాసిన ఎదుటి ప్రయాణికుడు దొంగో దేవుడో తేలని మనిషిలా కూర్చున్నాడు, మత్తుమందు బిస్కెట్టు తీస్తాడేమో అని చదివేవాళ్ళు ఎదురుచూస్తారు. ఇక్కడ అనుమానపు చూపు తిరగబడింది. ముసలాయన దగ్గరా ఒక చీటీ ఉంది, కోడలు నోటితో చెప్పింది. ఆ కోడలి లెక్కలో మన పిల్లోడే జాగ్రత్తపడాల్సిన మనిషి. అమ్మకు అది తట్టి ఉండదు, తన కొడుకు ఇంకొకరికి ‘ఎవరో’ అవుతాడని.

నాలుగు దాటేసినప్పుడు ముసలాయన మౌనంగా ఉన్నాడు గమనించారా. అక్షరాలు రానివాళ్ళకు అంకెలు కూడా రావనుకోవడం మన చదువుకున్నవాళ్ళ పొరపాటు. మూడు తర్వాత ఐదు రాదని ఆయనకు తెలుసు. ఆ నాలుగులో ఏముంటుందో కూడా తెలుసు, కోడలు చెప్పి పంపింది కదా. ఆ మౌనానికి వివరణ రాయాలని మీ చెయ్యి దురద పెడుతుంది. వద్దు. గద్వాల దాటాక ఆయన బిళ్ళ తీసి చాపినప్పుడు ఒక్క మాట అనిపించండి: “ఇది తినేది కాదులే. తీసుకో.” అప్పుడు వెనక జరిగిందంతా చదివేవాళ్ళకు ఒక్కసారి వెలుగుతుంది.

హెచ్చెల్సీ మాట బాగుందని దాన్ని కథ చివరికి మోసుకుపోవద్దు. తాగిన నీళ్ళకే రూపాయి చెల్లింది అని ముగిస్తే వినడానికి సొంపుగా ఉంటుంది, కానీ పిల్లోడి చిక్కు మాయమైపోతుంది. వాడు నాలుగో నంబరు దాటాల్సిన పని ఉండదు. అందుకే దాన్ని మధ్యలో, ముసలాయన సణుగుడులో పడేశాను. పిల్లోడు దాంతో తృప్తిపడకూడదు. అమ్మ రాసింది కృష్ణమ్మ అని.

కర్నూలు నుంచి గద్వాల దాకా ఉన్న ఆ గంట మీద మీరు నిలబడాలి. కథలో మూడో వంతు అక్కడ ఖర్చు పెట్టినా ఎక్కువ కాదు. ఆ గంటలో పెద్దగా ఏమీ జరగదు. పిల్లోడు జేబులు వెతుకుతాడు, నోట్లు తప్ప లేవు. టీ అమ్మేవాడి దగ్గర చిల్లర మార్చుకుందామంటే ఆ వేళప్పుడు ఎవరూ రారు. ఐదో నంబరు మళ్ళీ చదువుతాడు, నది వస్తే రూపాయి వెయ్ అని ఉంటే సరిపోయేది, పేరు పెట్టి రాసింది. నోటు మడిచి వేస్తే? పది రూపాయల నోటు నీళ్ళలో వేస్తే అమ్మ ఊరుకుంటుందా, కుడిపక్క గడిలో 1 అని స్పష్టంగా ఉంది. ఇలాంటి చిన్న లెక్కలన్నీ వాడు నిజంగా వేసుకోవాలి. ఎదురుగా ముసలాయన కళ్ళు మూసుకుని ఉంటాడు, నిద్రో కాదో తెలియదు. చదివేవాడికి గద్వాల స్టేషను దీపాలు కనపడగానే గుండె కొంచెం కొట్టుకోవాలి. ఒక రూపాయి కోసం!

అక్కణ్ణుంచి ఆగకండి. మహబూబ్‌నగర్, షాద్‌నగర్ ఏవీ వద్దు, ఊళ్ళ పేర్లు చెప్పడం టైంటేబుల్ పని. తెల్లారింది, కాచిగూడ. ముసలాయన తన సంచి తీసుకుని ఆసుపత్రి దారి పట్టాడు, వెనక్కి చూడలేదు. అమీర్‌పేట హాస్టల్‌కు పోవడానికి ఆటోవాడు అడిగిన అంకె విని పిల్లోడు చీటీలోని 150 మీద బొటనవేలు పెట్టాడు. ఒక్క వాక్యం చాలు ఆరో నంబరుకు. చీటీ చెల్లని ఊరికి వచ్చాడని ఆ వేలు చెబుతుంది.

మిగిలింది ఏడో నంబరు. మీ ఏడుపు పేరా మొత్తం తీసేసి ఫోన్ పెట్టండి. ఆమె ఏమడుగుతుంది? సంఘం లెక్కలు రాసే మనిషి, పేజీ పట్టుకుని వరసగా అడుగుతుంది. నంబర్లు ఆమెకు నోటికి వచ్చు.

“పండుకున్నావా?”

“ఆ.”

“కృష్ణమ్మకు రూపాయి వేసినావా?”

“వేసినా మా.”

“దావలో ఎవురన్నా ఏమన్నా ఇచ్చిరా?”

“లేదు మా.”

ఇక్కడ ఆపండి. మూడు జవాబుల్లో ఒకటే నిజం, అదీ సగమే. పిల్లోడికి అది తెలుసో లేదో, బాధపడ్డాడో లేదో రాయొద్దు. ‘అతనికి అమ్మ గొంతు దూరంగా వినిపించింది’ లాంటి వాక్యం ఒకటి రాకుండా ఉండదు మీకు. అది వచ్చినప్పుడు లేచి మంచినీళ్ళు తాగి రండి.

ఇంతా చెప్పాక ఒక చిన్న దిద్దుబాటు. మీరు ముసలాయన్ని మరీ మంచివాణ్ణి చేసేస్తారని నా భయం, మీ చేతి వాలు అటే ఉంది. ఆయన తీసిచ్చేది రూపాయి బిళ్ళ కాకుండా రెండు రూపాయల బిళ్ళ అని రాయండి. ఇచ్చి, కాసేపాగి, “మిగతా రూపాయి కాచిగూడలో ఇయ్యి,” అనాలి. పొద్దున దిగే హడావుడిలో అది ఇద్దరూ మర్చిపోయారా, ఒకరే మర్చిపోయారా అన్నది మీరు తేల్చుకోండి.